ముందుగా చెప్పకుండా స్నేహితులను పిలిచినందుకు క్షమాపణ

ఫ్లాట్ మిత్రులందరికీ,

శనివారం రాత్రి మీలో ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా నా కాలేజీ స్నేహితులను ఇంటికి పిలిచినందుకు, వారు వెళ్లాక హాలును అలాగే వదిలేసి పడుకున్నందుకు మన్నించండి. నైట్ షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున వచ్చిన అన్నకు టీపాయ్ మీద ఎండిపోయిన బిర్యానీ ప్లేట్లు, కాళ్లకు అంటుకునేలా నేలపై ఒలికిన కూల్‌డ్రింకు ఎదురవడం, మర్నాడు పరీక్ష ఉన్న తమ్ముడు మా గోలకు పుస్తకాలు పట్టుకుని మేడ మీదికి వెళ్లాల్సి రావడం తలచుకుంటే సిగ్గుగా ఉంది.

హాలంతా శుభ్రం చేశాను. మరక పడిన సోఫా కవరును లాండ్రీకి ఇచ్చాను. మరక వదలకపోతే కొత్త కవరు నేనే కొంటాను. ఇకపై ఎవరినైనా పిలవాలంటే ఒకరోజు ముందే వాట్సాప్ గ్రూపులో అడిగి, మీరందరూ సరేనంటేనే పిలిచి, రాత్రి 10 గంటలకల్లా పంపించేస్తాను. అన్నట్టు, ఫ్రిజ్‌లోని పెరుగు ఖాళీ చేసింది కూడా మేమే. కొత్త ప్యాకెట్లు తెచ్చిపెట్టాను.