జర్నల్ వోచర్: తరుగుదల తేడాపై డిఫర్డ్ ట్యాక్స్

తేదీ 31-03-2025, వోచర్ నం. 118
జీడిమెట్ల ప్యాకేజింగ్ యూనిట్, హైదరాబాద్

డిఫర్డ్ ట్యాక్స్ ఖర్చు (లాభనష్టాల ఖాతా) — డెబిట్ రూ. 1,67,619
డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ ఖాతాకు — క్రెడిట్ రూ. 1,67,619

వివరణ: 2024-25లో పుస్తకాల తరుగుదలకూ ఆదాయపు పన్ను తరుగుదలకూ మధ్య వచ్చిన రూ. 6,66,000 టైమింగ్ తేడాపై, ఏఎస్ 22 ప్రకారం, 25.168 శాతం చొప్పున రాసిన పద్దు.

లెక్క

ప్రింటింగ్ యంత్రం ఖరీదు రూ. 60,00,000. జూలై 1న నడవడం మొదలైంది. కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ప్రకారం 15 ఏళ్ల ఆయుష్షు, 5 శాతం మిగులు విలువ, స్ట్రెయిట్ లైన్ పద్ధతి: ఏడాదికి 3,80,000 చొప్పున 9 నెలలకు 2,85,000. పన్నులో 15 శాతం. వాడకం 180 రోజులు దాటింది కాబట్టి పూర్తిగా 9,00,000.

కంప్యూటర్లు రూ. 5,40,000. వీటి దగ్గర కొంచెం ఆగాలి. బిల్లు సెప్టెంబర్ 20ది. ఆ తేదీ పట్టుకుని నేను మొదట 40 శాతం మొత్తం వేసేశాను. ఫైలు తిరగేస్తే ఇన్‌స్టలేషన్ రిపోర్టులో డిసెంబర్ 1 అని ఉంది. పన్ను చట్టానికి కావాల్సింది కొన్న తేదీ ఒక్కటే కాదు, వాడకంలో పెట్టిన తేదీ కూడా. 121 రోజులే అయ్యాయి కనుక సగం రేటు, 1,08,000. పాత లెక్కే ఉంచితే ఈ పద్దు రూ. 27,181 ఎక్కువ పడేది. పుస్తకాల్లో 3 ఏళ్ల ఆయుష్షు మీద 4 నెలలకు 57,000.

పుస్తకాల మొత్తం 3,42,000, పన్ను మొత్తం 10,08,000, తేడా 6,66,000. ఇంకో దారిలోనూ సరిచూశాను: మిగిలిన విలువ పుస్తకాల్లో 61,98,000, పన్నులో 55,32,000. తేడా అదే.

రేటు: 115బీఏఏ ఎంచుకున్నాం. 22 శాతం పన్ను, దానిపై 10 శాతం సర్‌చార్జి, ఆ రెండింటిపై 4 శాతం సెస్. ఈ సెక్షన్‌లో అదనపు తరుగుదల రాదు కాబట్టి తీసుకోలేదు. కంపెనీకి ఇదే మొదటి ఏడాది, ప్రారంభ నిల్వ లేదు.

ఈ మొత్తం ఇప్పుడు కట్టే పన్ను కాదు. ఈ ఏడాది పన్నులో ముందే ఎక్కువ తరుగుదల వాడుకున్నాం, ముందుముందు అది తగ్గుతుంది. ఇవే రేట్లుంటే యంత్రం వరకు 2030-31లో పన్ను తరుగుదల 3,39,435కి దిగి, పుస్తకాల 3,80,000 కంటే తక్కువవుతుంది. అక్కడి నుంచి ఈ లయబిలిటీ వెనక్కి తిరుగుతుంది. అందుకే ఇది ప్రస్తుత పన్ను ప్రొవిజన్‌లో కలవకూడదు. బ్యాలెన్స్ షీటులో నాన్ కరెంట్ లయబిలిటీల కింద విడిగా చూపాలి.

జతపరచినవి: స్థిరాస్తుల రిజిస్టరు, రెండు ఇన్‌స్టలేషన్ రిపోర్టులు, పన్ను తరుగుదల షీటు.

తయారుచేసినది: అకౌంట్స్ మేనేజర్