పొద్దు కుంకకముందు కోసిన తులసి

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట కార్తీక మాసంలో వినబడితే మైదుకూరు చుట్టుపక్కల పసుపు వేసినవాళ్ళకు అన్నం సహించదు. జూన్‌లో నాటిన పంట తొమ్మిది నెలలు భూమిలో ఉండాలి. సరిగ్గా దుంప ఊరే వేళకు ఈ ముసురు వస్తుంది. మడిలో నీళ్ళు నిలబడితే దుంపకుళ్ళు పడుతుంది. పైన ఆకులు అంచుల నుంచి ఎండుతూ వస్తాయి, తవ్వి చూస్తే చేతికి మెత్తటి ముద్ద తగులుతుంది. అందుకే మా ఆయన పార భుజాన వేసుకుని, యూరియా సంచిని తలమీద కప్పుకుని, కాలువ పక్క మడులకు గండి కొట్టడానికి వానలోనే వెళ్ళిపోయాడు.

ఇంట్లో మా అత్త, నేను, ఒకటో తరగతి చదివే లహరి, ఎనిమిది నెలల చిన్నవాడు మిగిలాం.

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. చిన్నవాడికి పాలిచ్చి పడుకోబెడుతూ ఉండగా లహరి దగ్గడం మొదలుపెట్టింది. కఫం లేని దగ్గు. ఒకసారి పట్టుకుంటే ముఖం ఎర్రబడేదాకా వదలడం లేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేసింది.

"మింగితే ముల్లు గుచ్చుకున్నట్టు ఉందమ్మా."

అత్త ఆ మాట వంటింట్లో నుంచే విని వచ్చింది. నా ఫోను లైటు వేయించి, లహరి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఆ అను తల్లీ. ఇంకా పెద్దగా. కాలువగట్టున ఉన్న మీ నాన్నకు వినబడాలి."

లహరి నోరంతా తెరిచింది. అత్త చాలాసేపు చూసింది. కొండనాలుకకు అటూ ఇటూ చూసింది, మెడ పక్కన దవడ కింద వేళ్ళతో నొక్కి చూసింది. "ఎర్రగా ఉంది. తెల్లటి చీము మచ్చలు లేవు. ఒళ్ళు చూడు." థర్మామీటరు పెట్టాను. 99 దాటింది కానీ 100 లేదు.

ఇంతలో ఆడబిడ్డ ఫోను చేసింది. పోయిన ఏడు వాళ్ళ పిల్లవాడికి రాసిన దగ్గు మందు సీసా మా ఇంట్లో మిగిలిపోయిందట, రెండు చెంచాలు పోయమంది. అత్త ఫోను తన చేతిలోకి తీసుకుంది. "ఆ మందు నీ కొడుకు ఒడ్డూ పొడుగూ చూసి రాశారు. అది ఏ దగ్గుకో కూడా నీకు గుర్తులేదు. వద్దులే అమ్మా." అంతటితో ఆ సంగతి ముగిసింది.

గొడుగు పట్టుకుని పెరట్లో తులసికోట దగ్గరికి వెళ్ళబోయాను. అత్త వెనక నుంచి ఆపింది.

"పొద్దు కుంకిన తర్వాత తులసి తుంచకూడదు."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు చిరాకు వేసింది. లోపల పిల్ల దగ్గుతూ ఉంటే వారాలూ వేళలూ ఏమిటి అనిపించింది. ఏదో అనబోతున్నాను, అత్త వంటింటి గట్టు మీద బోర్లించిన పళ్ళెం ఎత్తింది. కింద తడిగుడ్డలో చుట్టిన తులసి ఆకులు, వాటి పక్కనే కుండీలోని వామాకు నాలుగు.

"బడి నుంచి వచ్చి సంచీ దించేటప్పుడే దాని గొంతు మారింది. రాత్రికి దగ్గు పట్టుకుంటుందని అప్పుడే కోసి పెట్టాను."

నేను గొడుగు మూసి గోడకు ఆనించాను.

తర్వాత జరిగినదంతా కిరసనాయిలు బుడ్డి వెలుతురులోనే. అత్తకు వెలుతురుతో పని లేదు. మిరియాల డబ్బా ఏదో, జీలకర్ర డబ్బా ఏదో చెయ్యి వేస్తే తెలుస్తుంది. మూకుడు పొయ్యి మీద పెట్టి మిరియాలు వేసింది. అవి చిటపటమనగానే ఓ చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర. కమ్మటి వాసన వచ్చిన వెంటనే దించేసింది. మాడితే కషాయం చేదెక్కుతుంది, చేదెక్కితే పిల్లలు ఉమ్మేస్తారు. బొటనవేలంత శొంఠి కొమ్మును ముందు రాతితో చితక్కొట్టింది. దాన్ని నేరుగా కల్వంలో వేస్తే ఎగిరిపడుతుంది. అన్నీ కలిపి కచ్చాపచ్చాగా దంచింది. మెత్తగా చేస్తే వడకట్టినా గొంతులో నలకలు తగులుతాయట. ఘాటుకు నాకు వరుసగా తుమ్ములు వచ్చాయి. లహరి నవ్వబోయి దగ్గింది.

"పసుపు నేను తెస్తా జేజీ."

అటక మీద ఓ చిన్న కుండ ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో పంట తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టించిన తర్వాత సరుకంతా కడప మార్కెట్‌కు వెళుతుంది. ధర ఎలా ఉన్నా, అప్పు ఎంత ఉన్నా, లారీ ఎక్కించే ముందు అత్త గోనెల మధ్య కూర్చుని మంచి కొమ్ములు ఏరి ఆ కుండ నింపుకుంటుంది. విరిస్తే టక్కుమని విరగాలి, లోపల నారింజ రంగు నిగనిగలాడాలి. ఊళ్ళో వాళ్ళు పసుపు కొట్టు దగ్గర కొనుక్కుంటే తప్పులేదు గానీ, పండించినవాళ్ళు పొడి పొట్లం కొనడం ఆమె దృష్టిలో పెద్ద అవమానం. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తుంది.

మూడు గ్లాసుల నీళ్ళు మరిగిన తర్వాత దంచినది వేసింది, పసుపుకొమ్మును సాన మీద అరగదీసిన గంధం వేసింది, ఆకులను చేత్తో తుంచి చివర్లో వేసింది. సన్న మంట. మూడు గ్లాసులు ఒక గ్లాసు కావాలి. "పెద్ద మంట పెడితే నీళ్ళు తొందరగా తగ్గుతాయి కానీ సారం దిగదు," అంటూ పీట వేసుకుని పొయ్యి ముందే కూర్చుంది.

కాచే సమయమంతా ఖాళీగా పోనివ్వలేదు. గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి లహరికి ఇచ్చింది. "మింగకు. తల వెనక్కి వంచి గరగరలాడించు." బయట కప్పలు అరుస్తున్నాయి. లహరి వాటితో పోటీ పెట్టుకుంది. ఒక పుక్కిలి గడపలోనుంచి వానలోకి ఉమ్మడం, "ఇప్పుడు ఎవరు గెలిచారు జేజీ?" అని అడగడం. గ్లాసు అయిపోయేసరికి మాట కాస్త తేటపడింది.

ఆవిరి పట్టిద్దామా అని అడిగాను. మా పుట్టింట్లో మరిగే నీళ్ళ గిన్నె ముందు కూర్చోబెట్టి దుప్పటి కప్పేవాళ్ళు. అత్త ఒప్పుకోలేదు. చీకట్లో పిల్ల కదిలి గిన్నె తన్నుకుంటే దగ్గు మాట అటుంచి ఒళ్ళు కాలిపోతుంది. "పొయ్యి దగ్గర కూర్చుంది కదా, ఈ వాసన చాలు," అంది.

కషాయం ఒక గ్లాసు అయింది. పాత పంచె గుడ్డలో వడకట్టి, గుడ్డను చివరి చుక్క దాకా పిండింది. బెల్లం ముక్క వేసి కరిగించింది. చల్లారి వేలు పెడితే ఓర్చుకునే వేడికి వచ్చిన తర్వాత నల్లమల తేనె ఒక చెంచా కలిపింది.

"తమ్ముడికి కూడా కొంచెం నాకించు జేజీ. వాడు కూడా తుమ్మాడు."

"వాడికి ఏడాది నిండేదాకా తేనె వద్దు తల్లీ."

లహరి ఎందుకని అడగలేదు గానీ నేను అడిగాను, ఎందుకంటే ఆమె తన పిల్లలకు పుట్టగానే తేనె నాకించానని ఎన్నోసార్లు చెప్పింది. అత్త దాపరికం లేకుండా చెప్పింది. "అప్పుడు తెలియదు. తేనెలో ఏదో సూక్ష్మజీవి విత్తనాలు ఉంటాయట, పెద్దవాళ్ళను ఏమీ చేయవు, పసిపేగుల్లో మాత్రం మొలకెత్తి విషం పుట్టిస్తాయట. టీకాలు వేసే నర్సమ్మ చెప్పింది. ఆ అమ్మాయి చదువుకుని చెప్పిన మాట కాదనడానికి నేనెవరిని?" డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి తన అలవాటు మార్చుకోవడం చిన్న సంగతి కాదు. ఆమెను చూసి నేను గర్వపడే విషయాల్లో ఇది ఒకటి.

పిల్లకు పావు గ్లాసే పోసింది. లహరి ఒక గుక్క తాగి, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని, గ్లాసు దూరంగా పెట్టేసింది.

"మంట!"

"మిరియం మంట. నోట్లో కాసేపే. ముందు నేను తాగుతా, చూడు." అత్త తన వాటా పోసుకుని సగం తాగింది. "ఈ ఇంట్లో ఒకటే పద్ధతి. పోసుకున్నది అడుగు కనబడేదాకా తాగాలి. ముక్కు చిట్లించవచ్చు, అరవవచ్చు, మిగల్చకూడదు."

లహరి అరిచింది, ముక్కు చిట్లించింది, జేజి చెంగు పిడికిట్లో పట్టుకుని మొత్తం తాగింది. గ్లాసు బోర్లించి అందరికీ చూపించింది.

దగ్గు వెంటనే ఆగలేదు. ఆగుతుందని అత్త కూడా అనలేదు. తల కింద రెండో దిండు పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. నిద్ర పట్టిన తర్వాత గౌను పైకెత్తి బుడ్డి దగ్గరగా పెట్టి రొమ్ము వైపు చూస్తూ కూర్చుంది. ఏమిటి చూస్తున్నావని అడిగాను.

"డొక్కలు ఎగరేస్తూ ఉందేమోనని. ఊపిరి తీసుకున్నప్పుడు పక్కటెముకల కింద లోపలికి లాగితే, పిల్లి కూతలా శబ్దం వస్తే, నీళ్ళు కూడా మింగలేకపోతే, ఇక కషాయం పని అయిపోయినట్టే. వాన అయినా వరద అయినా ప్రొద్దుటూరు ఆసుపత్రికి బయలుదేరాలి. ఆటో అతనికి నువ్వు దీపాల వేళ చిన్నవాడిని పడుకోబెడుతున్నప్పుడే చెప్పి ఉంచాను."

అది కూడా చెప్పి ఉంచింది.

డొక్కలు ఎగరడం లేదు. ఊపిరి నెమ్మదిగా, సమంగా ఉంది. అప్పుడు గానీ అత్త తన గొంతు సంగతి పట్టించుకోలేదు. కరక్కాయ ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుంది. నిద్రలో గొంతుకు అడ్డం పడుతుందని పిల్లకు మాత్రం అది ఎప్పుడూ ఇవ్వదు.

మా ఆయన వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. మోకాళ్ళ దాకా బురద, పెదవులు నల్లబడి ఉన్నాయి. పై మూడు మడుల్లో నీళ్ళు దిగాయి, కింది మడిలో ఇంకా కదలడం లేదు, తెల్లారగానే ఇంకో గండి కొట్టాలి అన్నాడు. అత్త ఏమీ అనకుండా పొడి పంచె, తువ్వాలు అందించింది. మిగిలిన కషాయంలో నీళ్ళు పోసి మళ్ళీ మరగబెట్టి, ఓ గ్లాసు నింపి అతని ముందు పెట్టింది.

సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "చాల్లే అమ్మా, ఘాటుగా ఉంది."

మంచం మీద దుప్పటి కదిలింది. లహరి కళ్ళు తెరవకుండానే, బొంగురు గొంతుతో అంది.

"నాన్నా, అడుగు కనబడాలి."

ఆయన గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.