లంక గ్రామాల వరద హెచ్చరిక స్లైడ్లు: డిజైనర్ గారికి కాపీ బ్రీఫ్

డిజైనర్ గారికి నమస్కారం.

పి. గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక, పెదపూడిలంక, అరిగెలవారిపేట గ్రామాలలో జూన్ నెలలో పంచాయతీ సమావేశాలప్పుడు ప్రొజెక్టరుపై చూపడానికీ, ఆ తరువాత వాట్సాప్‌లో పంపడానికీ ఏడు స్లైడ్లు కావాలి. వరద ఎంత భయంకరమైనదో ఈ ఊళ్ల వారికి మనం చెప్పనక్కరలేదు. ధవళేశ్వరంలో ప్రకటించే నీటిమట్టం అంకె వినగానే తమ ఇంట్లో ఏ పని మొదలుపెట్టాలో వారికి తట్టాలన్నదే ఈ స్లైడ్ల ఏకైక లక్ష్యం. అందువల్ల ప్రతి స్లైడ్‌లోనూ అంకె, పని ఈ రెండే పైకి కనిపించాలి. మిగిలినదంతా వాటికి లోబడి ఉండాలి.

రంగుల విషయంలో ఒక మనవి. పసుపు గానీ, నీలం, ఆకుపచ్చల జోడీ గానీ నేపథ్యంగా వాడవద్దు. మన ఊళ్లలో ఆ రంగులు చూడగానే ఏ పార్టీవారు వేయించారన్న చర్చ మొదలవుతుంది, అసలు మాట పక్కకు పోతుంది. తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు, హెచ్చరిక అంకెలకు మాత్రం ముదురు ఎరుపు సరిపోతాయి. చిత్రాలలో నీరు నీలంగా ఉండకూడదు. వరదనాటి గోదావరి ఎర్రనీరు. నీలిరంగు నీటిని చూస్తే ఇది ఎక్కడిదో ఫొటో అని రేవులోని పిల్లవాడు కూడా చెప్పేస్తాడు.

స్లైడ్ 1. తెరపై పాఠం:
"గోదావరి పెరుగుతోందా? ధవళేశ్వరం అంకె వినండి."
చిత్రంగా ధవళేశ్వరం వద్ద బ్యారేజీ గేట్లు కనిపించే ఒకే ఫొటో చాలు. "అంకె వినండి" అన్న రెండు మాటలు మాత్రమే పెద్దవిగా ఉండాలి.

స్లైడ్ 2. తెరపై పాఠం:
"1986 ఆగస్టులో మీ ఇంటి దగ్గర నీరు ఎక్కడి దాకా వచ్చింది? ఇంట్లో పెద్దవారిని అడగండి. ఆ చోట గోడ మీద గీత గీయండి."
ఆ ఏడాది ధవళేశ్వరం దాటిన ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులని మనకు తెలిసినా ఈ స్లైడ్‌లో వేయడం లేదు, ఎందుకంటే గోడ మీది గీత చెప్పేది లక్షలు చెప్పలేవు. సున్నం గోడ, దాని మీద ఒక మనిషి చేయి, బొగ్గుతో గీసిన గీత: ఇంతే చిత్రం. నాటి వరద దృశ్యాన్ని మళ్లీ బొమ్మగా వేయించవద్దు. అప్పుడు నష్టపోయిన కుటుంబాలు సమావేశంలో ముందు వరుసలోనే కూర్చుంటాయి.

స్లైడ్ 3, 4. ఈ రెండింటి కోసమే మిగిలినవన్నీ ఉన్నాయి కనుక మీ సమయంలో ఎక్కువ భాగం వీటికే కేటాయించమని కోరుతున్నాను.

మూడవ స్లైడ్ పాఠం:
"11.75 అడుగులు – మొదటి హెచ్చరిక – సర్దుకోండి.
13.75 అడుగులు – రెండవ హెచ్చరిక – గట్టు దాటండి.
17.75 అడుగులు – మూడవ హెచ్చరిక – లంకలో ఎవరూ ఉండకూడదు."
అట్టడుగున చిన్న అక్షరాలలో: "ధవళేశ్వరం వద్ద ప్రవాహం సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు."

మూడు వరుసలూ ఒకే పరిమాణంలో వేయడం సహజంగా తోచే పద్ధతే గానీ, ఇక్కడ అది తప్పు. మూడవ హెచ్చరిక నాటికి పడవ తిప్పడమే ప్రమాదం కాబట్టి నిర్ణయం తీసుకోవలసిన వేళ రెండవ హెచ్చరిక; అందుకే మధ్య వరుస మిగిలిన రెండింటికంటే పెద్దదిగా, దాని వెనుక మాత్రమే లేత ఎరుపు పట్టీతో ఉండాలి. అంకెలను 12, 14, 18 అని పూర్ణ సంఖ్యలుగా మార్చవద్దు. టీవీలో, దండోరాలో వినబడే అంకె ఇదే. అంకె ఒక పంక్తిలో, "అడుగులు" మరో పంక్తిలో పడకుండా చూడండి.

నాలుగవ స్లైడ్ పాఠం:
"భద్రాచలం అంకె వేరు, ధవళేశ్వరం అంకె వేరు.
భద్రాచలం: 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగిన నీరు మన వైపే వస్తుంది.
ధవళేశ్వరం: 11.75, 13.75, 17.75 అడుగులు. మన లంకకు లెక్క ఇదే."

టీవీలో "48 అడుగులు" అని స్క్రోలింగ్ వస్తే, మన దగ్గర ఇంకా 12 దాటలేదు కదా అని నిశ్చింతగా ఉండేవారూ, 48 అడుగుల నీరు మన ఊరికి వచ్చేస్తోందని బెదిరిపోయేవారూ ఇద్దరూ ఉంటారు. అవి రెండు వేర్వేరు చోట్ల, వేర్వేరు సున్నాల నుంచి కొలిచే మట్టాలు. కాబట్టి రెండింటినీ ఒకే స్కేలు మీద పక్కపక్క స్తంభాలుగా గీయకూడదు. అలా గీస్తే ధవళేశ్వరం అంకె మూడో వంతుకు కుంచించుకుపోయి, చిన్న వరదలా కనబడుతుంది. నదిని ఒక గీతగా వేసి, ఎగువన భద్రాచలం, దిగువన ధవళేశ్వరం, ఆ కింద గౌతమి, వసిష్ఠ పాయలు, వసిష్ఠ నుంచి చీలే వైనతేయ, మన లంకలు చూపండి. నీరు ఎన్ని గంటల్లో చేరుతుందో వేయవద్దు. అది వరదను బట్టి మారుతుంది, వేసిన గంటలను నమ్ముకుని కూర్చునే వారుంటారు.

స్లైడ్ 5. తెరపై పాఠం:
"ముందు గేదెలు, తరువాత సామాను. పశువులను మొదటి హెచ్చరికకే గట్టు మీదికి తోలండి."
పాడి గేదెను వదిలి ఇల్లు దాటని కుటుంబాలు ఉన్నాయి గనుక ఈ మాటకు విడిగా ఒక స్లైడ్ ఇస్తున్నాము. ఏటిగట్టు మీద గేదెలను తోలుకెళుతున్న మహిళ చిత్రం కావాలి, వెనుక కొబ్బరి చెట్లు ఉండవచ్చు. కేరళ ఇంటిపడవలు కనిపించే స్టాక్ ఫొటోలు దయచేసి వద్దు.

స్లైడ్ 6. తెరపై పాఠం:
"ఒకే సంచిలో: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, వారానికి సరిపడా మందులు, టార్చి, ఛార్జరు."
వస్తువుల గుర్తులు గీసి, సంచిని ప్లాస్టిక్ కవరులో కట్టినట్టు చూపండి. "మందులు" మాత్రమే ముద్దక్షరాలలో.

స్లైడ్ 7. తెరపై పాఠం:
"పడవలో లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కవద్దు. అత్యవసరమైతే 112. రాష్ట్ర విపత్తు కేంద్రం 1070."
గంటి పెదపూడి రేవులో జాకెట్లు తొడుక్కున్న ప్రయాణికులతో ఇంజను పడవ. చిత్రంలో ఒక్కరికి జాకెట్ లేకపోయినా ఆ ఫొటో వాడలేము. రెండు ఫోను నంబర్లు స్లైడ్ వెడల్పులో సగానికి తగ్గకూడదు.

అక్షరాల గురించి: శీర్షికలకు రామభద్ర, మిగిలిన పాఠానికి నోటో సాన్స్ తెలుగు వాడండి. అను ఫాంటులలో టైపు చేస్తే వాట్సాప్‌లో పాఠంగా కాపీ చేసి పంపడం కుదరదు గనుక అంతా యూనికోడ్‌లోనే ఉండాలి. పంక్తుల మధ్య ఎడం కాస్త ఎక్కువగా ఇవ్వండి, లేకపోతే పై పంక్తిలోని వత్తులు, కింది పంక్తిలోని గుడులు ఒకదానికొకటి తగులుతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచవద్దు, వాలు అక్షరాలు వద్దు. పంచాయతీ హాలులో వెనుక బెంచీ మీది వృద్ధులకు కనబడాలి కనుక పాఠం ఎక్కువైందనిపిస్తే అక్షరాలు తగ్గించకుండా మాకు చెప్పండి, మాటలు మేము తగ్గిస్తాము.

ముందుగా 3, 4 స్లైడ్లు మాత్రమే పంపండి. వాటిని రేవులోని పడవ సరంగుకూ, ఇద్దరు ముగ్గురు పెద్దలకూ ఫోనులో చూపించి, ఏమి చేయమంటోందో వారి నోటనే చెప్పించుకుని మీకు తెలియజేస్తాము. ఆ తరువాతే మిగిలిన ఐదు మొదలుపెట్టండి. చివరి ప్రతులు ప్రొజెక్టరుకు అడ్డంగా ఒక పీడీఎఫ్, వాట్సాప్‌కు నిలువుగా ఏడు విడి పీఎన్‌జీలు కావాలి. నిలువు ప్రతిలో మూడవ స్లైడ్ వరుసల క్రమం మారకూడదు.