క్యూట్ అంటే చాయ్ బాకీ

తను: (ఫోటో: పడక్కుర్చీలో నారింజ రంగు పిల్లి, ముందు కాళ్లు రెండూ పొట్ట కిందకి మడుచుకుని)

తను: రాజమండ్రి వచ్చేశా. ఇదిగో నువ్వు చూడాలన్న వీఐపీ. పేరు కలెక్టర్. ఒక్క కండిషన్, క్యూట్ అనకూడదు. పొద్దున స్టేటస్ పెడితే పదకొండు మంది అదే మాట అన్నారు, విసుగొచ్చింది. ఇకనుంచి ఎవరంటే వాళ్లు నాకు ఇరానీ చాయ్ తాగించాలి

నేను: అనను. అసలు ఆ మాట ఈయన హోదాకి సరిపోదు. ఆ కూర్చున్న తీరు చూస్తే ఊరంతా అర్జీలు పట్టుకుని గుమ్మం బయట ఎండలో నిలబడి ఉంటే, "భోజనమయ్యాక చూద్దాంలే" అని లోపల్నించి కబురు పంపినట్టుంది

నేను: ఆ కుడి చెవి చివర చిన్న చీలిక ఏంటి? పదవిలోకి రాకముందు ఆయన వీధి పోరాటాలు ఏమైనా చేశారా

తను: హహహ జూమ్ చేసి మరీ చూశావా. పక్కింటి నల్లపిల్లితో గొడవ. ఓడిపోయాడు. ఎవరికీ చెప్పకు

నేను: చెప్పను. సర్వీసు రికార్డులో "విధి నిర్వహణలో గాయం" అని రాయించు చాలు

తను: ఒక్క నిమిషం. మగపిల్లి అని నేను చెప్పలేదుగా, "ఆయన" అని ఎలా అనేశావు?

నేను: నారింజ రంగు పిల్లుల్లో ఐదింట నాలుగు మగవే ఉంటాయి. ఆ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లికి ఒక్కటి దొరికితే చాలు, ఒళ్లంతా నారింజ అయిపోతుంది, ఆడపిల్లికైతే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ రావాలి

తను: ఇదంతా నీకు ముందే తెలుసా?

నేను: మంగళవారం నుంచి తెలుసు

తను: మంగళవారం ఏమైంది

నేను: క్యాంటీన్‌లో నువ్వు "మా ఇంట్లో పిల్లి ఉంది" అన్నావు

తను: ఓహో

తను: చదువుకుని వచ్చావన్నమాట. ఇంకేం చదివావు సార్, సిలబస్ పూర్తయిందా?

నేను: సగం అయింది. పిల్లి మనవైపు చూస్తున్నప్పుడు మనం నెమ్మదిగా కళ్లు మూసి తెరిస్తే "నీకూ నాకూ గొడవేం లేదు" అని చెప్పినట్టంట, అదీ అలాగే మూసి తెరిస్తే ఒప్పుకున్నట్టు. ఇప్పుడు నా తరఫున ఒకసారి చెయ్యవా? నేను ఇక్కడ హాస్టల్ మంచం మీద కూర్చుని ఫోన్‌ని చూస్తూ కళ్లు మూసి తెరుస్తున్నాను, రూమ్మేట్ నావైపు అదోలా చూస్తున్నాడు

తను: ఆగు

తను: చేశా. ఆవులించాడు

నేను: అర్జీ పెండింగ్‌లో పెట్టారు. పర్లేదు, కొట్టెయ్యలేదుగా

తను: నిజంగా నువ్వు

తను: సరే, మంచి జవాబులు చెప్పావు కాబట్టి బోనస్. అమ్మ అటక మీంచి పాత ఆల్బమ్ దించింది. నవ్వితే బ్లాక్ చేస్తా

తను: (ఫోటో: గోదావరి గట్టు మెట్ల మీద నాలుగేళ్ల పాప, గుండు, చేతిలో ఐస్‌ఫ్రూట్, మూలన నారింజ అంకెల్లో 4 8 '03)

నేను: నవ్వలేదు

నేను: నవ్వాను, కానీ నిన్ను చూసి కాదు, ఆ ఐస్‌ఫ్రూట్‌ని చూసి, పాపం అది మోచేతి దాకా కారిపోతుంటే నువ్వు దాన్ని అంత కోపంగా చూస్తున్నావు, కరగడం దాని తప్పయినట్టు. ఈ ముఖం నాకు తెలుసు. డెడ్‌లైన్ రెండు రోజులు ముందుకు జరిపామని మేనేజర్ అన్నప్పుడు నువ్వు పెట్టే ముఖం ఇదే. ఇరవై ఏళ్లకి పైగా ఒక్క గీత కూడా మారలేదు

తను: ఏయ్

నేను: ఇంకా అయిపోలేదు. గుండు మీద గంధం సగం ఎండి పెచ్చులూడుతోంది, బుగ్గ మీద దిష్టిచుక్క మామూలు సైజు కాదు, కాటుక డబ్బా బోర్లించినట్టుంది, ఒక కాలికి చెప్పుంది రెండో కాలికి లేదు. నాకు రెండే ప్రశ్నలు. ఆ రెండో చెప్పు ఎక్కడ? ఆగస్టు 2003 అంటే అది పుష్కరాలేనా?

తను: పుష్కరాలే. చెప్పు గోదారమ్మకి సమర్పయామి. కావాలని పడేశానట, తేలుతుందా లేదా చూద్దామని. గుండేమో అంతకు రెండు రోజుల ముందు ద్వారకా తిరుమలలో మొక్కు

నేను: తేలిందా

తను: తేలుతూ వెళ్లిపోయింది. నేను రెండోది కూడా విసరబోతే పట్టుకున్నారు

నేను: నాలుగేళ్లకే ప్రయోగం చేసి, రిజల్ట్ సరిచూసుకోడానికి రెండోసారి చెయ్యబోయింది. నువ్వు టెస్టింగ్ టీమ్‌లోకి ఎందుకొచ్చావో ఇప్పుడర్థమైంది. వెనకాల కనిపించేది హేవలాక్ బ్రిడ్జేనా?

తను: అదే. అప్పటికే దాని మీద రైళ్లు ఆపేశారు. 1900లో కట్టింది కదా, 1997లో ఆర్చి బ్రిడ్జి వచ్చాక దానికి రిటైర్మెంట్. నాకు మాత్రం ఊరు గుర్తొస్తే ముందు అదే కనబడుతుంది

నేను: ఫోటోలో ఇంకోటి చూశా, అడగొచ్చా?

తను: అడుగు

నేను: నీ జబ్బ పట్టుకున్న చెయ్యి. మనిషి కనబడట్లేదు, చెయ్యొక్కటే ఉంది, తెల్ల చొక్కా, పాతకాలం గడియారం, వేళ్లు బిగించి పట్టుకున్న పట్టు చూస్తే నువ్వు చెప్పు వెనకాలే దూకేస్తావని ముందే తెలిసినట్టుంది

తను: తాతయ్య

తను: ఫోటో తీసింది నాన్న. తాతయ్య "నన్ను తియ్యకు, పిల్లని తియ్యి" అని పక్కకి జరిగారంట. 2019లో పోయారు. కలెక్టర్ కూర్చున్న ఆ పడక్కుర్చీ ఆయనదే. ఆయన పోయాక ఇంట్లో ఎవరం కూర్చోలేదు. ఆర్నెల్ల తర్వాత ఈ పిల్లి గోడ దూకి వచ్చి తిన్నగా ఎక్కి కూర్చుంది. నానమ్మ కొడుతుందేమో అనుకున్నాం. "ఉండనీ" అంది. అంతే

నేను: ఇందాక కుర్చీ మీద జోకులేశాను

తను: ఛ, ఏం కాదు. తాతయ్య కూడా అలాగే కూర్చునేవారు. అర్జీలు పెండింగ్‌లో పెట్టేవారు కూడా

నేను: ఆయన పక్కకి జరిగారు గానీ చెయ్యి వదల్లేదు. అది బాగుంది. ఫోటో పంపినందుకు థ్యాంక్స్, ఇది పదకొండు మందికి పెట్టే స్టేటస్ ఫోటో కాదని తెలుస్తోంది

తను: స్టేటస్ పెట్టలేదు

తను: సరే సరే, వాతావరణం మరీ బరువెక్కింది. నీ వంతు. చిన్నప్పటి ఫోటో పంపు. గుండు ఉన్నదైతే బోనస్ మార్కులు

నేను: గుండు లేదు. అంతకంటే దారుణమైంది ఉంది. అమ్మని అడిగి తెప్పించుకోవాలి, పది నిమిషాలు. ఈ టైములో ఎందుకురా అంటుంది

తను: ఎందుకని చెప్తావు?

నేను: ఆఫీసు పని అని

తను: హహహహ

నేను: (ఫోటో: బెల్లం కొట్టు ముందు పెద్ద కాంటా, ఒక పళ్లెంలో ఏడుస్తున్న అయిదేళ్ల పిల్లాడు, రెండో పళ్లెంలో బెల్లం దిమ్మలు, పక్కనే మరో పిల్లాడు పళ్లికిలిస్తూ)

నేను: వరంగల్, 2002. మేడారం జాతర ముందు రోజు. నాకు అంతకుముందు ఏడాది విడవకుండా జ్వరమొస్తే నానమ్మ సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కిందంట. మా దగ్గర బంగారమంటే బెల్లం, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి తీసుకెళ్లి ఇస్తారు. ఆ సంగతి నాకెవ్వరూ చెప్పలేదు. ఒకవైపు నన్ను, ఇంకోవైపు బెల్లాన్ని పెట్టి షావుకారు "పదహారు కిలోలు" అనేసరికి నన్ను ఆయనకి ఇచ్చేసి బెల్లం తెచ్చుకుంటున్నారని అనుకున్నా

తను: అయ్యోఓఓఓ

తను: నేను ఇక్కడ గట్టిగా నవ్వితే కలెక్టర్ ఉలిక్కిపడి లేచాడు. పదహారు కిలోల బెల్లానికి నిన్ను ఇచ్చేస్తారా, బేరం తప్పు, పది చాలు

నేను: తర్వాత మేడారంలో జంపన్న వాగులో ముంచారు, అక్కడా ఏడ్చాను, ఆ ఫోటో లేదు అదృష్టం. కానీ ఇప్పుడే ఒకటి తట్టింది. జంపన్న వాగు వెళ్లి గోదావరిలోనే కలుస్తుంది. ఆ గోదావరే భద్రాచలం, పాపికొండలు దాటుకుని మీ ఊరి మెట్ల దగ్గరికి వస్తుంది. అంటే నేను మునిగిన నీళ్లు నువ్వు చెప్పు వేసిన నీళ్లలోకే వచ్చాయి, కాస్త ముందూ వెనకా

తను: అంటే నువ్వు స్నానం చేసిన మురికి నీళ్లలో నాకు పుష్కర స్నానం చేయించారా

నేను: దీన్ని ఇంకోలా కూడా చూడొచ్చు

తను: ఎలా?

నేను: నాకు నీకంటే ఏడాదిన్నర ముందే తెలుసు, నువ్వొస్తావని. నీళ్లు పంపించా

తను: అబ్బా

తను: ఇది ఎక్కడైనా చదివి కొట్టావా, నిజం చెప్పు

నేను: ఒట్టు, ఇప్పుడే వచ్చింది. నాకే నమ్మబుద్ధి కావట్లేదు

తను: బాగానే ఉంది గానీ 2002 నీళ్లు 2003 దాకా ఆగవు బాబూ, ఎప్పుడో అంతర్వేది దాటి సముద్రంలో కలిసిపోయి ఉంటాయి. మళ్లీ 2027లో పుష్కరాలున్నాయిగా, ఈసారి నీళ్లు కాదు, నువ్వే రా

నేను: ఇది ఆహ్వానమేనా?

తను: రెండు చెప్పులూ జాగ్రత్తగా పట్టుకునే మనిషి ఒకడు కావాలి. అందుకు

తను: అది సరే గానీ ఆ పక్కన పళ్లికిలిస్తున్న పిల్లాడెవరు? ఆ సొట్టబుగ్గలు చూడు, భలే క్యూట్‌గా ఉన్నాడు

నేను: మా అన్నయ్య

నేను: అన్నావు

తను: ఏం అన్నాను

నేను: పైకి వెళ్లి చదువుకో

తను: అయ్యో రామా. అది లెక్కలోకి రాదు, నేను అన్నది నిన్ను కాదుగా!

నేను: అదే నా బాధ. గంట నుంచి ఆ మాట రాకుండా పిల్లినీ గుండునీ ఇద్దర్నీ దాటుకొచ్చాను, నువ్వేమో పోయి పోయి మా అన్నయ్య మీద వాడేశావు. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. బిస్కెట్లు మనస్తాపానికి

తను: మీ అన్నయ్యకి పెళ్లయిందా?

నేను: అయింది. ఒక కూతురు కూడా

తను: ప్చ్. అయితే ఇక నువ్వే దిక్కు

నేను: దీన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా

తను: తీసుకో. రేపు రాత్రి గౌతమి ఎక్కుతున్నా, సోమవారం పొద్దున హైదరాబాద్‌లో దిగుతా. సాయంత్రం ఆఫీసయ్యాక బాకీ తీరుస్తా, వానొచ్చినా సరే

నేను: వస్తా. నా అర్జీ సంగతి ఏమైంది?

తను: ఇంకా కళ్లు మూసి తెరవలేదు. కానీ నీ ఫోటో చూపిస్తే స్క్రీన్ వాసన చూసి ఒకసారి నాకాడు. బెల్లమనుకున్నట్టున్నాడు

నేను: పిల్లి నాలుకకి తీపి తెలియదు. అది కూడా మంగళవారమే చదివా. కాబట్టి నాకింది బెల్లాన్ని కాదు

తను: గుడ్ నైట్, పదహారు కిలోలు