బాకీ

షాబాన్ నెల ఇరవయ్యో రోజు మధ్యాహ్నం మూడున్నరకి మస్తానమ్మ వాకిట్లో పడిపోయింది. మనవరాలు రేష్మా పరుగున వచ్చి వేలికి సూది గుచ్చి చూస్తే షుగరు 52. చక్కెర నీళ్ళు నోట్లో పోశారు. కాసేపటికి కళ్ళు తెరిచి అవ్వ అడిగిన మొదటి మాట, "టైమెంత?"

"మూడున్నర దాటింది."

"ఇంకో రెండున్నర గంటలు ఆగలేకపోయినారా మే? పొద్దన్నించి ఉన్నదంతా పాయె."

రేష్మాకి ఒళ్ళు మండింది. కావలిలో ఒక ల్యాబులో పని చేస్తుంది. రోజుకి పాతికమంది షుగరు రిపోర్టులు చూస్తుంది. ఇన్సులిన్ మీద ఉన్న ముసలామె ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రోజా ఉండటం ఏంటని అరిచింది. "రంజాన్ కూడా కాదు కదా అవ్వా, ఇప్పుడెందుకు?"

"రంజాన్ వస్తాండాదనే. పాత బాకీ ఏడుండాయి. కొత్త నెల పుట్టేలోపు తీర్చేద్దామని."

మర్నాడు డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఇక జన్మలో రోజా మాటెత్తకూడదు.

ఇంటికొచ్చాక అవ్వ ట్రంకు పెట్టె తీయించింది. అడుగున, పాత నమాజు దుప్పట్టా మడతలో ఎర్ర అట్ట పుస్తకం. అట్ట ఊడిపోతే పరుపులు కుట్టే దబ్బనంతో, అదే దారంతో కుట్టుకుంది. అది మొదట తాతది. దూది ఏకే విల్లు భుజానేసుకుని వింజమూరు, కలిగిరి, ఉదయగిరి దాకా ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాడు. పుస్తకం ముందు వైపు నుంచి ఆయన పద్దు: ఎవరి దగ్గర ఎంత రావాలో. వెనక వైపు నుంచి అవ్వ పద్దు: తను దేవుడికి ఎన్ని రోజులు ఇవ్వాలో. ఇల్లు నిండా అప్పులే అని తాత నవ్వేవాడట.

రేష్మా వెనక వైపు తిప్పింది. మొదటి పేజీల్లో అక్షరం లేదు. నెలవంక బొమ్మ, దాని కింద వరసగా గీతలు, తీరిన గీత మీద అడ్డగీత. కొన్ని నెలవంకల పక్కన చుక్క.

"ఈ చుక్కేంది?"

"మీ పెద్దనాయన. రంజాన్ ఎనిమిదో రోజున పుట్టినాడు. మిగతా నెలంతా పాయె."

రెండు చుక్కలున్న పేజీ ఒకటుంది. రెండో చుక్క చుట్టూ సున్నా. రేష్మా అడగలేదు, అవ్వ చెప్పలేదు.

నెలకి ఆడవాళ్ళకి తప్పని రోజులుంటాయి. ఆ రోజుల్లో రోజా ఉండకూడదు, తర్వాత తీర్చుకోవాలి. ఏటా ఐదో ఆరో. బాలింతగా ఉంటే మొత్తం నెలే. అలా ముప్పై ఏళ్ళకి పైగా పోగైతే రెండొందలు దాటాయి. మగవాళ్ళకి ఈ లెక్క ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఈ పుస్తకం సంగతి పట్టలేదు.

1991 ప్రాంతంలో ఊళ్ళో రాత్రిబడి పెట్టాక గీతల పక్కన అక్షరాలు మొదలయ్యాయి. దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఇలాంటి బళ్ళలో కూర్చునే. అవ్వ మాత్రం ఆ చదువుతో ముందు చేసింది తన గీతలకి పేర్లు పెట్టుకోవడం. 'చలిజరం 2'. 'చిన్నోడి పెండ్లి 1'. 'మబ్బు 1'.

"మబ్బేంది అవ్వా?"

"షాబాన్ ఇరవై తొమ్మిది సాయంత్రం మబ్బు పట్టింది. నెల కనపడలా. ముప్పై పూర్తి చేద్దామని పొద్దన్నే సంగటి తినేసినాం. మిట్టమధ్యాన్నం కావలి నుంచి బస్సులో వచ్చినోళ్ళు, రాత్రే నెల కనిపించింది, ఇయ్యాల రోజా అన్నారు. తిన్నది తిన్నాం. ఒకటి బాకీ పడింది."

అవ్వ కేలెండరు కొనేది కాదు. పక్కింటి నరసమ్మ ఏకాదశి కోసం పంచాంగం చూసేది, ఆమెని అమావాస్య ఎప్పుడని అడిగేది. అమావాస్య వెళ్ళిన మర్నాడో, ఆ పై సాయంత్రమో పడమట సన్నగా కనపడాలి. నరసమ్మకి అది విదియ, అవ్వకి ఒకటో తేదీ. రంజాన్ మాత్రం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. ముప్పై మూడేళ్ళకి మళ్ళీ మొదటికొస్తుంది. నడివేసవి రోజాలు, పొగాకు కాల్చే బేరన్ల దగ్గర నాలుక పిడచగట్టుకుపోయిన రోజాలు అన్నీ చూసింది. బాకీలు మాత్రం మార్గశిరంలో తీర్చేది. పగలు పొట్టి కదా. "ఎండాకాలం అప్పు చలికాలంలో తీరిస్తే మోసమా?" అని ఒకసారి మసీదు హజరత్‌ని అడిగిందట. రోజుకి రోజు చెల్లు, గంటలు లెక్కలేదు అన్నాడట ఆయన. ఆ సందు దొరికినందుకు అవ్వకి ఇప్పటికీ లోలోపల సంతోషమే.

ఇప్పుడు ఏడు మిగిలాయి. దానికి తోడు రాబోయే నెల మొత్తం.

సాయంత్రం హజరత్ వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. కోలుకునే జబ్బు అయితే తర్వాత తీర్చొచ్చు, ఇది కోలుకునేది కాదు కాబట్టి ఫిద్యా ఇవ్వమన్నాడు. ఒక్కో రోజాకి ఒక పేదవాడికి రెండు పూటలా కడుపునిండా అన్నం.

"ఏడూ ముప్పై ముప్పై ఏడు," అంది రేష్మా.

"ముప్పై రాయొద్దు. ఇరవై తొమ్మిదే రావచ్చు. పుట్టని నెలకి లెక్క కట్టకూడదు."

రేష్మా నాన్న ఖర్చు నేను పెట్టుకుంటానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "నా బాకీ నా పింఛనులోంచి పోవాల." నాలుగు వేల రూపాయలు. బియ్యం, కందిపప్పు, నూనె, మధ్యలో రెండుసార్లు కోడి. సరిపోతుందని వేళ్ళ మీద లెక్కేసింది.

చిక్కు డబ్బు దగ్గర రాలేదు, పేదవాడి దగ్గర వచ్చింది. ఊళ్ళో పేదవాడు దొరకలేదు.

తెల్ల రేషను కార్డు లేని ఇల్లు లేదు గానీ, వచ్చి నువ్వు పేదవాడివని అన్నం పెడతానంటే ఊరుకునేవాడెవడు? దస్తగిరి భార్య మొహం మాడ్చుకుంది: "మాకేం కర్మ అత్తా? మావోడు బెంగుళూరులో ఏసీ మెకానిక్కు." సాంబ్రాణి పొగ వేసుకుంటూ వచ్చే ఫకీరు గురువారం తప్ప రాడు. నరసమ్మ అయితే, "నాకు పెట్టు ఒదినా, తింటా," అంది గానీ ఎల్లుండే ఏకాదశి అని గుర్తొచ్చి తనే నాలిక్కరుచుకుంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయ్యాక అవ్వకి దిగులు పట్టుకుంది.

ఆ రాత్రి నిద్రపట్టక పుస్తకం తెచ్చి రేష్మా ముందు పెట్టింది. "ముందు వైపు చదువు."

"అది తాతది కదా."

"చదువు మే."

రేష్మా చదువుతూ పోయింది. రెడ్డిగారి చిన్నామె పెళ్ళి పరుపు, 40. 'చచ్చిపోయినాడు,' అంది అవ్వ. కరణం గారి దిండ్లు నాలుగు, 12. 'వాళ్ళు నెల్లూరు పోయినారు.' పొగాకు బయ్యరు, 60. 'వాడూ పోయినాడు.' ఖాదర్ బాషా, కూతురి పెళ్ళికి బూరుగుదూది పరుపులు రెండు, బాకీ 85.

"ఆగు," అంది అవ్వ.

ఖాదర్ బాషాకి ఒకప్పుడు రెండు బేరన్లు ఉండేవి. మెట్టలో బోరు మీద బోరు వేసి, నీళ్ళు పడక, అవీ పొలమూ పోయాయి. భార్య పోయింది. కూతురు ఎక్కడో దూరంగా ఉంది, ఫోను చేస్తుందంటారు. ఇప్పుడు పడమటి వీధి చివర కూలిన పెంకుటింట్లో ఒక గది నిలబడితే అందులో ఉంటాడు. ఇస్త్రీ లేని చొక్కా వేసుకోడు. ఎవరింటికీ పోడు. ఇంట్లో పొయ్యి ఎన్నాళ్ళకొకసారి వెలుగుతుందో పక్కింటివాళ్ళకి తెలుసు గానీ అడిగే ధైర్యం లేదు.

మర్నాడు సాయంత్రం అవ్వ రేష్మా భుజం పట్టుకుని స్టీలు క్యారేజీతో ఆ గది ముందు నిలబడింది.

"ఏంది వదినా ఇట్టా వచ్చినావు?"

"బాకీ అడిగేదానికి వచ్చినా అన్నా. మా ఇంటాయన పరుపులు కుట్టినాడు, 85 రూపాయలు నిలిచిపోయింది. పుస్తకంలో ఉండాది."

ఆయన మొహం ఎర్రబడింది. మరిచిపోలేదు. "మస్తానుకి ఇస్తాననే అన్నా. పంట రానీ అన్నా." చొక్కా జేబు మీదకి చెయ్యి పోయింది, అక్కడే ఆగిపోయింది.

"డబ్బు కాదన్నా నాకు కావాల్సింది. నేను దేవుడికి బాకీ పడినా. రోజాకి ఒకరికి అన్నం పెడితే గానీ అది తీరదంట. ఊళ్ళో ఎవరూ తినేదానికి ఒప్పుకోవడంలా. నువ్వు నాకు బాకీ ఉండావు గాబట్టి, నా బాకీ తీరేదానికి నువ్వు తినాల. కాదనేదానికి నీకు లేదు."

ఖాదర్ బాషా రేష్మా వైపు చూశాడు, ఆమె కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికెళ్ళి పళ్ళెం కడుక్కుని తెచ్చుకున్నాడు.

"రెండు పూటలా," అంది అవ్వ. "ఒక్క పూట తింటే సగమే చెల్లు."

ఆ రోజు నుంచి ఏడు రోజులు పొద్దునా సాయంత్రం క్యారేజీ వెళ్ళింది. కావలి నుంచి బస్సు ఆలస్యమైతే రేష్మా తమ్ముడు పట్టుకెళ్ళేవాడు. మొదటి రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. మూడో రోజు పప్పులో ఉప్పెక్కువైందని కబురు పంపాడు. అవ్వకి భలే సంతోషమైంది. "అట్టా అడిగి తింటే బాకీ నిజంగా తీరినట్టు," అంటూ ఏడు గీతలకీ ఒక్కొక్కటిగా అడ్డగీత తనే కొట్టుకుంది. చూపు ఆనక ఒకటి రెండు పక్కకి పోయాయి.

షాబాన్ ఇరవై తొమ్మిది సాయంత్రం మిద్దె మీద పిల్లలు గోల చేశారు. అవ్వకి ఆ కళ్ళతో ఆకాశమే మసక. రేష్మాని చూడమంది, చింతచెట్టు కొమ్మకి ఎడమ పక్కనుందని రేష్మా చెప్పింది. కొమ్ములు ఎటు తిరిగున్నాయని అడిగింది. పైకి అంటే నమ్మింది. మసీదు మైకులో హజరత్ గొంతు రేపు మొదటి రోజా అని ప్రకటించింది.

ఆ రాత్రి, తెల్లారకముందు తినే సహరుకి సర్దుతుంటే ఖాదర్ బాషా పంపిన ఒక పిల్లాడు వచ్చాడు. చేతిలో మడత కాగితం. విప్పితే ఒక యాభై నోటు, మూడు పదులు, ఒక ఐదు రూపాయల బిళ్ళ.

"తాత లెక్క సరిపోయిందా చూసుకోమన్నాడు. రేపట్నించి క్యారేజీ వద్దన్నాడు."

రేష్మా అవ్వ వైపు చూసింది. అవ్వ డబ్బు ఒకసారి తడిమి చూసి, మళ్ళీ అదే కాగితంలో చుట్టి, క్యారేజీ పై గిన్నెలో రొట్టెల మీద పెట్టి మూత బిగించింది.

"రాత్రి మూడున్నరకి దీన్ని నువ్వే ఎత్తుకుపో. రంజాన్‌లో మస్తానమ్మ బాకీలు వసూలు చేయదని చెప్పు. పండగ నెల కనపడినాక తీసుకుంటానని చెప్పు."

"అప్పటికి వడ్డీ ఎంతవుతుందని అడిగితే?"

"మన దాంట్లో వడ్డీ లేదు మే. అంత మాత్రం తెలీదా ఆయనకి? రొట్టెలు చల్లారిపోకుండా గుడ్డ చుట్టు."