చెట్టు బరువు ఎక్కడి నుంచి వచ్చింది? గ్యాలరీ తరగతికి ఆలోచించు – జతగా చర్చించు – పంచుకో ప్రశ్నలు

బి.యస్సీ. మొదటి సంవత్సరం, వృక్షశాస్త్రం. పాఠం: కిరణజన్య సంయోగక్రియ, మొదటి తరగతి. విద్యార్థులు సుమారు 180 మంది, సమయం 50 నిమిషాలు. ప్రశ్నలు తెర మీద ఒక్కొక్కటిగా వస్తాయి. ప్రతి ప్రశ్ననూ అధ్యాపకురాలు పైకి చదువుతారు.

మొదలుపెట్టే ముందు

ఈ హాలులో బెంచీలు నేలకు బిగించి ఉన్నాయి కాబట్టి ఎవరూ లేచి చోటు మారనక్కరలేదు. ఒక్కో బెంచీకి ఐదుగురు కూర్చున్నారు. నడవ వైపు నుంచి మొదటి ఇద్దరు ఒక జత, మిగిలిన ముగ్గురు ఒక గుంపు. ముగ్గురున్న చోట మధ్యలో కూర్చున్నవారు ముందు ఇరువైపులవారి మాట విని, ఆ తరువాతే తమ అభిప్రాయం చెప్పాలి; లేకపోతే గోడ పక్కన ఉన్నవారు వినడంతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. బెంచీలో ఒంటరిగా ఉన్నవారు వెనుక బెంచీ వైపు తిరిగి అక్కడి జతలో చేరాలి.

ప్రతి ప్రశ్నకూ మొదట ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ నిమిషంలో సమాధానాన్ని, దానికి ఒక కారణాన్ని నోటుబుక్కులో రాయండి. మనసులో అనుకుంటే చాలదు. రాయని సమాధానం పక్కవారి మాట వినగానే మారిపోతుంది, పైగా మారిన సంగతి మనకే తెలియదు. నిమిషం అయ్యాక రెండు నిమిషాలు జతగా మాట్లాడుకోండి. నేను చప్పట్లు కొట్టగానే మాట ఆపి, సమాధానం అ అయితే ఒక వేలు, ఆ అయితే రెండు, ఇ అయితే మూడు, ఈ అయితే నాలుగు వేళ్ళు ఛాతీకి ఆనించి నా వైపు చూపించండి. చెయ్యి పైకెత్తితే వెనుకవారు మీ వేళ్ళు లెక్కపెట్టి తమవి మార్చుకుంటారు. ఈ ప్రశ్నలకు మార్కులు లేవు, కాబట్టి మీకు నిజంగా ఏమనిపిస్తే అదే చూపించండి.

మైకు నడవ పక్కవారి వరకే అందుతుంది. బెంచీ లోపల కూర్చున్నవారి మాటను నడవ పక్కవారు విని, అది ఎవరి ఆలోచనో ముందుగా చెప్పి, మైకులో వినిపించాలి.

ప్రశ్న 1

బెల్జియం దేశస్థుడైన వాన్ హెల్మాంట్ 17వ శతాబ్దంలో ఒక ప్రయోగం చేశాడు. ఎండబెట్టిన మట్టిని 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలు తూచి, ఒక తొట్టిలో నింపి, అందులో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటాడు. బయటి దుమ్ము పడకుండా మట్టి మీద రంధ్రాలున్న రేకు కప్పి, వాన నీరు గాని బట్టీ పట్టిన నీరు గాని తప్ప మరేదీ పోయలేదు. ఐదేళ్ళ తరువాత చెట్టు 169 పౌండ్లు తూగింది. అంటే బరువు సుమారు 164 పౌండ్లు పెరిగింది. అతడు మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూచాడు. మట్టి ఎంత తగ్గి ఉంటుంది?

అ) సుమారు 164 పౌండ్లు
ఆ) సుమారు 80 పౌండ్లు
ఇ) 10 నుంచి 20 పౌండ్ల మధ్య
ఈ) ఒక పౌండు కూడా తగ్గి ఉండదు

జతగా మాట్లాడేటప్పుడు ముందు కారణం చెప్పండి, అంకె తరువాత చెప్పండి. ఇద్దరి సమాధానమూ ఒక్కటే అయినంత మాత్రాన మాట ఆపకండి. చాలా సార్లు ఒకే అంకె వెనుక రెండు వేర్వేరు కారణాలు ఉంటాయి. వేళ్ళు చూపించిన తరువాత, మొదట రాసిన సమాధానాన్ని చర్చలో మార్చుకున్నవారిలో ఇద్దరిని, వెనుక వరుసల నుంచి ఒకరిని, ముందు వరుసల నుంచి ఒకరిని, పక్కవారు చెప్పిన ఏ మాట తమను మార్చిందో అడుగుతాను.

ప్రశ్న 2

మట్టి తగ్గింది దాదాపు 2 ఔన్సులు మాత్రమే, అంటే 60 గ్రాములు కూడా కాదు. చెక్క, బెరడు, వేర్లు అన్నీ నీటి నుంచే పుట్టాయని వాన్ హెల్మాంట్ తేల్చాడు. అతడు మరణించాక, 1648లో, ఈ సంగతి అచ్చయింది. మట్టి గురించి అతడు చెప్పింది చాలా వరకు నిజం. నీటి గురించి చెప్పింది మాత్రం తొందరపాటు. అయితే ఆ తొందరపాటును పట్టుకోవడానికి కావలసిన ఆధారం అతని చేతిలోనే ఉంది. 62 పౌండ్ల బొగ్గును కాలిస్తే ఒక్క పౌండు బూడిదే మిగులుతుందని, మిగతాది కంటికి కనిపించని ఒకటిగా మారి పోతుందని అతడే రాశాడు. ఆ కనిపించని దానికి "గ్యాస్" అనే పేరు పెట్టింది కూడా అతడే.

ఈ ప్రశ్నకు అ, ఆ, ఇ, ఈలు లేవు. బొగ్గు ప్రయోగాన్ని విల్లో ప్రయోగం పక్కన పెట్టి చూస్తే, చెట్టు బరువు గురించి ఏ అనుమానం కలగాలి? ఒకటి రెండు పూర్తి వాక్యాలలో రాయండి.

ఇక్కడ నిశ్శబ్దం రెండు నిమిషాలు, జత చర్చ మూడు నిమిషాలు. జతలో నడవ వైపు ఉన్నవారు వాన్ హెల్మాంట్ పక్షాన వాదించాలి: "నేను నీరు తప్ప ఏమీ పోయలేదు, కనుక బరువు నీటిదే." రెండోవారు ఆ వాదంలోని ఖాళీని చూపించాలి. ముగ్గురున్న చోట మూడోవారు రెండు పక్షాలూ విని, ఏది గట్టిగా ఉందో చెప్పాలి. మాట ఎటూ సాగకపోతే ఒక్కటి అడిగి చూడండి: బొగ్గు చెక్క నుంచే తయారవుతుంది, చెక్కంతా నీరే అయితే కాలడానికి అందులో ఏముంది? చర్చ ముగిశాక ఎడమ భాగం నుంచి రెండు జతలు, కుడి భాగం నుంచి రెండు జతలు తాము రాసిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా మైకులో చదవాలి. వాటిలో ఒకదానిని బోర్డు మీద రాసుకుని, తరగతి అయ్యేదాకా అలాగే ఉంచుతాను.

ప్రశ్న 3

మొక్క గాలిని మారుస్తుందని 1771లో ప్రీస్ట్లీ పుదీనా మొక్కతో గమనించాడు. ఆ పని ఆకుపచ్చని భాగాలే, అదీ వెలుతురులోనే చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపించాడు. 1941లో రూబెన్, కామెన్ బరువైన ఆక్సిజన్ పరమాణువులున్న నీటిని వాడి, మొక్క విడిచే ఆక్సిజన్ వాయువు నీటి నుంచే వస్తుందని చూపించారు. అందుకే సమీకరణాన్ని ఇప్పుడు ఇలా రాస్తున్నాం:

6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6O₂ + 6H₂O

ఇక్కడ తయారైన గ్లూకోజు 180 గ్రాములు. అందులో ఎన్ని గ్రాములు కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చినవి? (కార్బన్ 12, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1 అని తీసుకోండి.)

అ) 72
ఆ) 90
ఇ) 168
ఈ) 180

లెక్కను పంచుకోండి: నడవ వైపువారు ఆక్సిజన్ పరమాణువులు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళాయో గీతలు గీసి చూపించాలి, రెండోవారు కార్బన్, హైడ్రోజన్‌ల సంగతి చూడాలి. ఇద్దరి గీతలూ కలిపితే గాని సమాధానం రాదు. కార్బన్‌ను మాత్రమే లెక్కపెట్టి ఆగిపోయేవారు ఏటా చాలామంది ఉంటారు కనుక, గ్లూకోజులోని ఆరు ఆక్సిజన్ పరమాణువులను విడిగా అడిగి చూసుకోండి. వేళ్ళలో రెండు మూడు రకాల అంకెలు కనిపిస్తే సమాధానం చెప్పను. అదే జతతో మరో నిమిషం మాట్లాడుకున్నాక మళ్ళీ వేళ్ళు చూపిద్దాం.

ప్రశ్న 4

180లో 168 గ్రాములు, అంటే నూటికి 93 వంతులు, గాలి నుంచి వచ్చినవి. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నది సుమారు 0.04 శాతమే. ఇది ఒకసారి మనసులో నిలుపుకొని తరువాతి ప్రశ్నకు వెళ్దాం. దీనికి నిశ్శబ్దం అర నిమిషం, చర్చ ఒక నిమిషం చాలు.

100 గ్రాముల ఎండు పెసలను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మూడు రోజులు చీకట్లో మొలకెత్తించారు. మొలకలను నానిన నీటితో సహా తడి పూర్తిగా పోయేదాకా ఆరబెట్టి తూచారు. ఆ పెసలను మొలకెత్తించకుండా అలాగే ఆరబెట్టి తూచినప్పటి బరువుతో పోలిస్తే మొలకల బరువు ఎలా ఉంటుంది?

అ) ఎక్కువగా ఉంటుంది
ఆ) సమానంగా ఉంటుంది
ఇ) తక్కువగా ఉంటుంది

పక్కవారు ఎక్కువ అంటే ఆ అదనపు బరువు ఏ పదార్థానిదో, తక్కువ అంటే పోయిన బరువు ఏ రూపంలో, ఎటు పోయిందో వారితోనే చెప్పించండి. "శక్తిగా మారింది" అనే సమాధానాన్ని ఒప్పుకోకండి. పరమాణువులు మాయం కావు. అవి మూట దాటి ఎక్కడికి వెళ్ళాయో చెప్పాలి.

ప్రశ్న 5

మొలకలు ఊపిరి తీస్తూనే ఉన్నాయి, చీకట్లో ఉన్నాయి గనుక ఆహారం తయారు చేసుకోలేదు. ఆ బరువు కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా గదిలోకే పోయింది. ఈ చివరి ప్రశ్న మనలో చాలామంది ఇళ్ళకు దగ్గరిది. దీనికి పది నిమిషాలు తీసుకుందాం.

ఒక రైతు వరి పొలంలో యూరియా చల్లాడు. వారం తిరగకుండా పైరు నల్లబడి, గుబురుగా పెరిగింది. "యూరియా పైరుకు తిండి. తిండి పెడితే ఒళ్ళు చేస్తుంది, అంతే" అని ఆయన అంటున్నాడు. పైరు ఎండు బరువులో అత్యధిక భాగం గాలి నుంచి వస్తుందని మీరు ఇప్పుడే లెక్క కట్టారు. మరి యూరియా వేస్తే పైరు ఎందుకు పెరిగింది?

కొన్ని అంకెలు: యూరియా బస్తా 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే సుమారు 20.7 కిలోలు. ఎకరం వరిలో గింజ, గడ్డి కలిపి కొన్ని వేల కిలోలు ఉంటాయి. ఒక్కో పత్రహరితం అణువులో నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. కార్బన్ డయాక్సైడును పట్టుకునే ఎంజైము ప్రోటీను, ప్రోటీనుకు నత్రజని కావాలి. యూరియాలోనూ కార్బన్ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా: బస్తాకు అది 9 కిలోలు. ఎకరం పైరులోని కార్బన్‌తో దానిని మీరే పోల్చండి. ఎండిన పైరులో నూటికి 40 వంతులకు పైనే కార్బన్ ఉంటుందని తీసుకుంటే చాలు.

మొదట రెండు నిమిషాలు ఒంటరిగా, ఆ రైతుకు మీరు చెప్పే మాటను రాయండి. కిరణజన్య సంయోగక్రియ, ఎంజైము, పత్రహరితం అనే మాటలు వాడకూడదు. ఆయన కళ్ళతో చూసింది నిజమేనని ఒప్పుకుంటూ చెప్పాలి, ఎందుకంటే అది నిజమే. తరువాత రెండు నిమిషాలు జతగా మాట్లాడండి: ఒకరు రైతు, ఒకరు ఊరికి వచ్చిన చదువుకున్న మేనకోడలో తమ్ముడి కొడుకో. రైతుగా ఉన్నవారు మర్యాదకు తల ఊపకుండా, అర్థం కాని చోట ఆపి అడగాలి. "అయితే బస్తాలు రెట్టింపు చేస్తే పంట రెట్టింపు కాదా?" అని తప్పక అడగాలి.

ఆ తరువాత, కింది నుంచి లెక్కపెడితే బేసి వరుసలలో ఉన్నవారు కూర్చున్న చోటే నడుము తిప్పి వెనుక వరుసవారి వైపు చూడండి. సంచులు ముందే ఒళ్ళోంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే తిరగడం తేలిక. రెండు జతలూ తమ తమ జవాబులు ఒకరికొకరు చదివి వినిపించుకుని, రైతుకు ఎక్కువగా అర్థమయ్యే జవాబును ఎంచుకోవాలి. రెండింటిలోని మంచి వాక్యాలు కలిపి కొత్తది రాసినా మంచిదే. ఈసారి మైకు ఇప్పటిదాకా మాట్లాడని బెంచీలకే వస్తుంది.

ఎంచుకున్న జవాబును చీటీ మీద రాసి, వెనుక వైపు ప్రశ్న 1కి మీరు మొదట రాసిన సమాధానాన్ని, దాని కారణాన్ని మార్చకుండా రాయండి. పేరు రాయనవసరం లేదు. చీటీలను గోడ వైపు నుంచి నడవ వైపుకు అందించండి. నడవ పక్కవారు వాటిని కింది వరుసకు పంపితే మొదటి బెంచీ దగ్గర నేను తీసుకుంటాను. రేపటి తరగతి, బోర్డు మీద రాసుకున్న మీ వాక్యంతోనూ ఈ చీటీలలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన సందేహంతోనూ మొదలవుతుంది.