అమ్మకి: ఫోన్ కదలకపోతే

అమ్మా,

దీన్ని వాట్సాప్‌లో పంపితే లాభం లేదు, ఫోనే కదలనప్పుడు అందులో ఏం చదువుతావు? అందుకే నాన్నకి మెయిల్ చేశాను. మన కూకట్‌పల్లి సందు చివర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకో.

తెర నల్లగా ఉంటే ముందు ఛార్జర్ పెట్టి పావుగంట వదిలెయ్. ప్లగ్గు దగ్గర స్విచ్ వేసి ఉందో లేదో చూడు. కరెంటు ఆదా అని నాన్న తిరుగుతూ ఆపేస్తుంటారు.

తెర వెలుగుతూ ఉండి, వేలు పెట్టినా కదలకపోతే పైన ఉన్న కవరు తీసెయ్, అది మందంగా ఉండి బటన్లు సరిగ్గా నొక్కనివ్వదు. కుడిపక్క పొడుగు బటన్ సౌండ్‌ది, దాని కింద పొట్టిది పవర్‌ది. పొడుగుదాని కింది సగాన్నీ పొట్టిదాన్నీ ఒకేసారి గట్టిగా నొక్కి పట్టుకో. నెమ్మదిగా పదిహేను దాకా లెక్కపెట్టు. మధ్యలో ఫొటో తీసినట్టు చప్పుడొచ్చినా వదలకు. తెర ఆరిపోయి కంపెనీ పేరు కనబడగానే వదిలెయ్. భయపడకు, ఫొటోలూ నంబర్లూ ఏవీ పోవు.

ఎప్పుడైనా నల్ల తెర మీద ఇంగ్లీషులో వరసగా గీతలు గీతలుగా రాతలొస్తే, సౌండ్ బటన్‌తో Reboot system now దగ్గరికి వెళ్లి పవర్ బటన్ నొక్కు. Wipe data అన్నదాని జోలికి మాత్రం పోకు. అది నొక్కితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

ఆన్ అయ్యాక మొదటిసారి వేలిముద్ర తీసుకోదు, పిన్ అడుగుతుంది. పాడైందనుకోకు. పిన్ ఇక్కడ రాయను, ఫ్రిజ్ దగ్గరికి అందరూ వస్తారు.

తర్వాత తెర పైన విమానం బొమ్మ ఉందేమో చూడు. ఉంటే పైనుంచి కిందికి లాగి దాన్ని ఒకసారి నొక్కు, సిగ్నల్ వస్తుంది. ఫోన్లు వెళ్తూ వాట్సాప్ ఒక్కటే రాకపోతే గొడవ నెట్‌ది. టీవీ పక్కన వైఫై డబ్బాని ఆపి, రెండు నిమిషాలాగి వెయ్.

మాటిమాటికీ ఆగిపోతుంటే మాత్రం ఫోన్‌లో చోటు నిండిపోయి ఉంటుంది. వాట్సాప్‌లో మూడు చుక్కలు, Settings, Storage and data, Manage storage. అక్కడ పెద్ద వీడియోలు పైనే కనిపిస్తాయి, తీసెయ్. దేవుడి బొమ్మలు తీసేయడానికి నీకు చేతులు రావని తెలుసు, అవి ఉంచుకో. పిన్నీ వాళ్ల పెళ్లి వీడియోలు అందరి దగ్గరా ఉన్నాయి, అవి పోయినా పర్లేదు.

షాపుకి పట్టుకెళ్లాల్సి వస్తే ఫోన్ పిన్ గానీ ఫోన్‌పే పిన్ గానీ చెప్పకు. "సాఫ్ట్‌వేర్ వెయ్యాలి" అంటే నన్నడక్కుండా ఒప్పుకోకు, లోపలున్నవన్నీ పోతాయి. ఎవరైనా తామే ఫోన్ చేసి బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి అంటే పెట్టెయ్. పొరపాటున డబ్బులు పోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి చెయ్యి, ఆ తర్వాతే నాకు.

నాన్న ఫోన్‌నుంచి నాకు ఎప్పుడైనా చెయ్యి. మీకు పొద్దున ఎనిమిదైతే ఇక్కడ డాలస్‌లో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. మెలకువగానే ఉంటాను.

నీ చిన్నా